ఫాండెంట్ పై అంచు చినుగుతోంది, పక్కలు ఎండి పగుళ్లు వస్తున్నాయి. మన ఎండల్లో ఎలా కప్పుతున్నారు?

అనంత_రేఖ
అనంతపురంలో ఇంటి దగ్గరే కేకులు చేసి ఇస్తాను. క్రీమ్ కేకుల వరకు ఏ ఇబ్బందీ లేదు, ఫాండెంట్ అనేసరికి టెన్షన్. ఆదివారం ఒక పాప మొదటి పుట్టినరోజుకి ఆర్డర్ ఉంది. అందుకే నిన్న ట్రయల్ చేశాను. 8 అంగుళాల రౌండ్, 4 అంగుళాల ఎత్తు, మీద చాక్లెట్ గనాష్, దాని మీద లేత నీలం ఫాండెంట్. షీట్ వేసేటప్పుడు బాగానే ఉంది, పక్కలకు దించుతుంటే పై అంచు దగ్గర చినిగింది. దాన్ని అతికించే లోపు పక్కలంతా సన్న ముడతలు, ఎలిఫెంట్ స్కిన్ అంటారే, అది వచ్చేసింది. ఈ ఉదయం చూస్తే ఆ ముడతలే గీతల్లా పగిలాయి. వీడియోల్లో ఎవరికీ ఇట్లా కావడం లేదు. ఫాండెంట్ పాతదా అనుకుంటే తయారీ తేదీ కొత్తదే, ప్యాకెట్ అప్పుడే తెరిచాను. తప్పు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

గుంతకల్_శ్రీను
పగుళ్లు అంటే ఓవెన్ వేడి ఎక్కువైనట్టే. పైభాగం ముందే గట్టిపడి, లోపలిది తర్వాత పొంగి పైకి తోస్తుంది. 180కి బదులు 160లో పెట్టి ఇంకాసేపు ఉంచండి, టిన్ను కూడా మూడింట రెండు వంతులకు మించి నింపకండి.

అనంత_రేఖ
కేక్ పగల్లేదు అన్నా, కేక్ మీద కప్పిన చక్కెర షీట్ పగిలింది. 160 సంగతి మాత్రం గుర్తు పెట్టుకుంటా.

బెజవాడ_బేక్స్
కార్న్‌ఫ్లోర్ తక్కువ వేసి ఉంటారు. షీట్ బల్లకు అంటుకుంటే లాగేటప్పుడు సాగి, కేక్ మీద వేసేసరికి అక్కడే చినుగుతుంది. నేను బల్ల మీద ధారాళంగా చల్లుతాను, ఫ్యాన్ ఫుల్‌గా పెట్టుకుని వత్తుతాను. జిగురు అనే మాటే ఉండదు.

కందనవోలు_బేకర్
పైన చెప్పింది విజయవాడకు సరిపోతుంది, అనంతపురానికి కాదు. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, ఫాండెంట్ చేతికి అంటుకుంటుంది కాబట్టి పొడీ ఫ్యానూ కావాలి. మనకు ఈ నెలల్లో మధ్యాహ్నం గాలిలో తేమే ఉండదు. అదే పద్ధతి ఇక్కడ పాటిస్తే ఆరబెట్టినట్టే అవుతుంది.

రేఖ గారూ, మూడు విషయాలు చెప్పండి. షీట్ ఎంత మందంగా వత్తారు? బల్ల మీద ఏం చల్లారు? వత్తేటప్పుడు ఫ్యాన్ తిరుగుతోందా?

అనంత_రేఖ
మందం కొలవలేదు కానీ చాలా పల్చగానే వత్తాను, రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఫాండెంట్ మందంగా ఉంటే పిల్లలు తీసి పక్కన పెడుతున్నారని పోయినసారి కస్టమర్ అన్నారు. కార్న్‌ఫ్లోర్ బాగా చల్లాను. ఫ్యాన్ లేకుండా ఈ ఎండలో వంటింట్లో నిలబడగలమా అండీ.

ఆదోని_అబ్బాయి
దొరికింది. రెండు మిల్లీమీటర్లు అంటే చినగక ఏమవుతుంది. ఆరు మిల్లీమీటర్లు వత్తండి, ఏనుగు లాగినా చినగదు. నేను అట్లే చేస్తా.

కందనవోలు_బేకర్
పల్చన వల్లే చినిగిందన్న మాట నిజం. ఆరు మాత్రం వద్దు.

రేఖ గారూ, మీ కేక్‌లో రెండు వేరువేరు సమస్యలు ఉన్నాయి. మొదటిది అంచు చినగడం. షీట్ కేక్ మీద పడగానే పై భాగం కేక్‌ను ఆనుకుంటుంది. పక్కలకు వేలాడే భాగానికి ఆనడానికి ఏమీ ఉండదు కాబట్టి దాని బరువంతా పై అంచునే లాగుతుంది. మీది 4 అంగుళాల ఎత్తు, అంటే చుట్టూ అంతకంటే ఎక్కువే వేలాడుతుంది. రెండు మిల్లీమీటర్ల షీట్ ఆ లాగుడికి ఆగదు. అలాగని ఆరుకి పోతే వేలాడే బరువు కూడా అంతకంతా పెరుగుతుంది. చినగకపోయినా అంచు దగ్గర సాగి పల్చబడుతుంది, కింద లావుగా ముడుచుకుంటుంది, తినేవాళ్లకు నోరంతా చక్కెర. మూడు నుంచి నాలుగు మధ్య ఉంచండి. నేను మూడున్నర దగ్గర ఆపుతాను.

షీట్ కొలత కూడా ముఖ్యమే. కేక్ వెడల్పు 8, ఒక పక్క ఎత్తు 4, రెండో పక్క ఎత్తు 4, మొత్తం 16. చుట్టూ ఒక్కో అంగుళం పట్టు కోసం కలిపితే 18 అంగుళాల గుండ్రం కావాలి. మూడున్నర మందంతో అది దాదాపు 750 గ్రాములు. వత్తినప్పుడు అంచులు వంకరగా వస్తాయి కాబట్టి కిలో పిసికి పెట్టుకోండి. చాలామంది అరకిలో ప్యాకెట్‌తో 8 అంగుళాల కేక్ కప్పాలని చూస్తారు. అది చాలక సాగదీస్తూ పోతే రెండు మిల్లీమీటర్లకు రాక తప్పదు.

రెండోది ఎండిపోవడం. దాని గురించి రాత్రికి రాస్తాను, ఇప్పుడు ఓవెన్‌లో కేక్ ఉంది.

అనంత_రేఖ
నేను తీసుకున్నది అరకిలోనే!

ఆదోని_అబ్బాయి
ఆరుతో నాకైతే ఎప్పుడూ చినగలేదు మేడమ్. కాకపోతే నేను చేసేవి రెండున్నర అంగుళాల ఎత్తు కేకులు.

కందనవోలు_బేకర్
అందుకే చినగలేదు. వేలాడేది తక్కువ. నాలుగు అంగుళాల కేక్‌కు ఆరు మందంతో వేస్తే షీట్ ఒక్కటే కిలోంపావు దాకా తూగుతుంది.

పొద్దుటూరు_పద్మ
మూడున్నర మిల్లీమీటర్లు అని కంటితో ఎట్లా తెలుస్తుంది? స్కేలు పెడితే అంచు దగ్గరే తెలుస్తుంది, నడుమ ఎంతుందో తెలీదు.

హిందూపురం_హసీనా
పది రూపాయల బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు, దాదాపు మూడున్నర వస్తుంది. కంటికి అలవాటు అయ్యేదాకా అది చాలు. నేను ఇంకో పని చేశాను. కార్పెంటర్ దగ్గర 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క తీసుకుని, అంగుళం వెడల్పుతో రెండు పొడుగు పట్టీలు కోయించాను. వాటికి క్లింగ్ ఫిల్మ్ చుట్టి, ఫాండెంట్‌కు అటూ ఇటూ పెట్టి, రోలింగ్ పిన్ రెండు చివరలూ పట్టీల మీద నడిచేలా వత్తుతాను. పిన్ పట్టీలకు ఆనిన తర్వాత ఎంత నొక్కినా షీట్ ఇంక పల్చబడదు, నడుమా చివరా ఒకటే మందం. పిన్ మాత్రం షీట్ కంటే పొడుగుండాలి, మామూలు చపాతీ కర్ర సరిపోదు. 20 అంగుళాలకు పైన ఉండే పిన్ తీసుకో.

పొద్దుటూరు_పద్మ
పట్టీలు ఐడియా సూపర్ అక్కా. మా ఆయనకు చెప్తే రేపే కోసిస్తాడు, ఇంట్లో ప్లైవుడ్ ముక్కలు అడ్డంగా పడున్నాయి.

కడప_కావ్య
చినగకుండా టైలోజ్ పొడి కలుపుకోవచ్చు కదా. బొమ్మలు చేసేటప్పుడు కలిపితే ఫాండెంట్ ఎంత గట్టిగా, సాగేలా అవుతుందో చూశాం. అరకిలోకి ఒక స్పూన్ వేస్తే చాలు.

హిందూపురం_హసీనా
వద్దు కావ్యా, అది బొమ్మలకు, పూలకు. టైలోజ్ కలిపితే త్వరగా గట్టిపడుతుంది, బొమ్మ నిలబడటానికి మనకు కావలసింది అదే. కేక్ కప్పడానికి కావలసింది దానికి పూర్తిగా ఉల్టా. కప్పి, సర్ది, మడతలు తీసేదాకా మెత్తగానే ఉండాలి. అనంతపురం ఎండకు టైలోజ్ కూడా తోడైతే కేక్ మీదకు చేరేలోపే పైన పొర కడుతుంది.

కడప_కావ్య
కానీ కలిపిన వెంటనే సాగుతుంది కదా అక్కా, చినగదు.

హిందూపురం_హసీనా
కలిపిన వెంటనే సాగుతుంది, నిజమే. కాసేపు ఆగి చూడు. తేమ ఎక్కువున్న ఊర్లలో చిటికెడు కలిపేవాళ్లు ఉన్నారు, అక్కడ వాళ్లకు ఫాండెంట్ జారిపోవడమే సమస్య. మనది ఆ సమస్య కాదు.

కందనవోలు_బేకర్
హసీనా గారు చెప్పినట్టే. ఇక ఎండిపోవడం సంగతి.

ఫాండెంట్ మెత్తగా ఉండేది దానిలోని కాస్త నీటి వల్ల, దాన్ని పట్టి ఉంచే గ్లిజరిన్, గ్లూకోజ్ వల్ల. కార్న్‌ఫ్లోర్ ఆ నీటిని పైనుంచి పీలుస్తుంది, ఫ్యాన్ గాలి మిగతాది లాగేస్తుంది. అప్పుడు షీట్ పైపొర గట్టిపడి, అడుగు మెత్తగానే మిగులుతుంది. ఆ షీట్‌ను అంచు మీద వంచగానే మెత్తటి అడుగు సాగుతుంది, గట్టి పైపొర సాగలేక చిట్లుతుంది. మీరు చూసిన ముడతలు అవే. రాత్రంతా ఇంకా ఆరి, పొద్దున్నకి గీతలయ్యాయి.

అందుకే నేను కార్న్‌ఫ్లోర్ మానేసి, బల్లకూ పిన్‌కూ షార్టెనింగ్ రాస్తాను. వేలితో తీసి బల్లంతా తుడిచినట్టు, మెరుపు కనపడేంత చాలు, ముద్దలు ఉండకూడదు. ఫాండెంట్ పిసికేటప్పుడు కూడా అరకిలోకి ఒక టీస్పూన్ షార్టెనింగ్ కలుపుతాను. ముద్ద మరీ బిరుసుగా ఉంటే గ్లిజరిన్, అది కూడా కొన్ని చుక్కలతో మొదలుపెట్టి, అరకిలోకి అర టీస్పూన్ దాటకుండా. ఎక్కువ పోస్తే ఎండదు సరే, కేక్ మీద కిందికి జారి పొట్ట వేస్తుంది.

పిసకడం చాలిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ముక్క తీసి రెండు చేతులతో నిదానంగా లాగండి. సాగి సాగి తెగితే సిద్ధం. పుటుక్కున విరిగితే ఇంకా పిసకాలి. ప్యాకెట్ నుంచి తీసింది గట్టిగా ఉంటే మైక్రోవేవ్‌లో ఐదు సెకన్లు, కావాలంటే మళ్లీ ఐదు. ఒకేసారి ఎక్కువ పెడితే నడుమ కరిగి పాకం అవుతుంది.

ఫ్యాన్ ఆపండి. పొద్దున్నే, లేదా రాత్రి భోజనాల తర్వాత చేయండి. వత్తడం అయిపోయాక ఐదు నిమిషాల్లో షీట్ కేక్ మీద ఉండాలి. అంటే కేక్, నీళ్ల బ్రష్, స్మూదర్, కత్తి అన్నీ ముందే దగ్గర పెట్టుకున్నాకే పిన్ పట్టుకోవాలి. మధ్యలో ఫోన్ వస్తే షీట్ మీద ప్లాస్టిక్ కవర్ పరిచి వెళ్లండి.

నంద్యాల_లత
షార్టెనింగ్ మా ఊర్లో దొరకదు. కొబ్బరినూనె రాస్తే?

గుత్తి_మేరీ
వద్దమ్మా. కొబ్బరినూనె మన ఎండలకు నీళ్లే. షీట్ జారిపోతుంది, నూనె మరకలు కనబడతాయి. వనస్పతి వాడు, కిరాణా కొట్లో డాల్డా అడిగితే ఇస్తారు. తెల్లటిది, ముద్దగా ఉండేది చూసుకో. నేను ఏళ్లుగా అదే వాడుతున్నా.

కందనవోలు_బేకర్
వనస్పతి పని చేస్తుంది. కాస్త వాసన ఉంటుంది, వెనిల్లా వేసిన ఫాండెంట్‌లో తెలియదు. నెయ్యి, వెన్న మాత్రం వద్దు, తెల్ల ఫాండెంట్ పసుపు తిరుగుతుంది.

బెజవాడ_బేక్స్
మీరన్నది అర్థమైంది. షార్టెనింగ్‌తో వత్తితే మా దగ్గర షీట్ చేతికి అతుక్కుని పైకే లేవదు, అందుకే నాకు ఆ ఆలోచన రాలేదు. వానాకాలంలో మీకు కూడా కార్న్‌ఫ్లోరే మేలేమో.

కందనవోలు_బేకర్
అవును, ముసురు పట్టిన రోజుల్లో నేనూ కార్న్‌ఫ్లోరే వాడతాను. పలుచటి గుడ్డలో మూట కట్టి తట్టితే పొడి సన్నగా, సమంగా పడుతుంది.

అనంత_రేఖ
గనాష్ గురించి కూడా చెప్పండి. నేను అంచును స్క్రేపర్‌తో కత్తి అంచులా పదునుగా తీశాను, అది కూడా కారణమేనా?

గుత్తి_మేరీ
కారణమే తల్లీ. షీట్ బరువంతా ఆ పదును మీద పడి లోపలి నుంచి కోస్తుంది. గనాష్ గట్టిపడ్డాక వేడి నీళ్లలో ముంచి తుడిచిన చెంచా వెనక వైపుతో పై అంచును ఒకసారి చుట్టూ రుద్దు, కొద్దిగా గుండ్రం తిరగాలి. కంటికి పదునుగానే కనబడుతుంది, చేతికి గుచ్చుకోదు. పదునైన అంచు చేసేవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లు కేక్‌ను తలకిందులుగా తిప్పి వేరే పద్ధతిలో చేస్తారు. ఆదివారం ఆర్డర్ పెట్టుకుని ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

గనాష్ పాళ్లు ఎంత?

అనంత_రేఖ
డార్క్ చాక్లెట్ 2, క్రీమ్ 1.

గుత్తి_మేరీ
డార్క్‌కు అది సరే. మరీ ఎండగా ఉంటే చాక్లెట్ ఇంకాస్త పెంచు. వైట్ చాక్లెట్ అయితే 3కి 1 కంటే తగ్గకూడదు. విప్పింగ్ క్రీమ్ మీద మాత్రం ఫాండెంట్ వేయొద్దు, క్రీమ్‌లో నీటికి ఫాండెంట్ కరుగుతుంది. మా దగ్గర కస్టమర్లు క్రీమే కావాలంటారు, అప్పుడు లోపలి లేయర్లలో క్రీమ్ పెట్టి బయట మొత్తం గనాష్ పూస్తా.

పొద్దుటూరు_పద్మ
40 డిగ్రీల్లో గనాష్ బయట గట్టిపడదు కదా. ఫ్రిజ్‌లో పెడితే చెమట పడుతుంది. ఏది చేయాలి?

గుత్తి_మేరీ
ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. గట్టిపడ్డాక బయటికి తీసి అరగంట అలా వదిలెయ్. సన్నగా చెమట పడితే టిష్యూతో అద్దు. ఆ తర్వాత నీళ్లు బ్రష్‌తో పల్చగా రాసి షీట్ వేయి. చేతికి తడి తగిలితే చాలు, కారకూడదు. కారితే లోపల షీట్ జారి గాలి బుడగలు వస్తాయి.

కందనవోలు_బేకర్
నేను అరగంట ఆగను. పది నిమిషాలకే వేస్తాను. గనాష్ గట్టిగా ఉన్నప్పుడే స్మూదర్ ఒత్తిడికి ఆగుతుంది, మన ఎండలో అరగంట వదిలితే అంచు మెత్తబడుతుంది.

గుత్తి_మేరీ
మరీ చల్లటి కేక్ మీద వేస్తే ఫాండెంట్ బిగుసుకుని సర్దడానికి రాదు, తర్వాత కేక్ వేడెక్కి లోపలి గాలి ఉబ్బి బుడగ లేస్తుంది. నాకైతే అరగంటే నచ్చుతుంది. మీ వంటిల్లు చల్లగా ఉందేమో, మాది రేకుల ఇల్లు.

కందనవోలు_బేకర్
రేకుల ఇల్లయితే నాకంటే మీరే తొందరపడాలి కదా! సరే, ఎవరి ఇంటికి తగ్గట్టు వాళ్లు చూసుకోవాలి.

హిందూపురం_హసీనా
షీట్ కేక్ మీద పడ్డాక ఏం చేయాలో ఎవరూ రాయలేదు, చినిగేది అప్పుడే. వత్తేటప్పుడు చపాతీలా బోర్లా తిప్పకు రేఖా, ఒకే వైపు వత్తుతూ షీట్‌ను పావు వంతు చొప్పున జరుపు. జరపడం వల్ల అంటుకుందో లేదో కూడా తెలుస్తుంది. 18 అంగుళాలు రాగానే పిన్‌కు వదులుగా చుట్టి ఎత్తి, కేక్ అవతలి అంచు నుంచి నీ వైపు పరుచుకుంటూ రా.

పడిన వెంటనే అరచేత్తో పైభాగం మధ్య నుంచి బయటికి గాలి పోయేలా రుద్దు. రెండో పని, చాలామంది వదిలేసేది, పై అంచు చుట్టూ ఒక అంగుళం కిందిదాకా షీట్‌ను ముందు అతికించెయ్. అది అతుక్కుంటే వేలాడే బరువు అంచును లాగదు. ఆ తర్వాతే పక్కలు. మడత వచ్చిన చోట కిందికి లాగకు. ఒక చేత్తో కింది కొస పట్టుకుని కేక్ నుంచి బయటికి విప్పి, మడత పోగానే ఇంకో చేత్తో పైనుంచి కిందికి అతికించు. చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెం. ఒక పక్క పూర్తిగా దించేసి ఇంకో పక్కకు పోతే మడతలన్నీ చివర ఒక్కచోట చేరతాయి. కింది దాకా వచ్చాక ఒక అంగుళం వదిలి మిగతాది కోసెయ్, బరువు తగ్గుతుంది. స్మూదర్ రుద్దాక చివరి కోత.

గాలి బుడగ కనబడితే సూదితో పక్కవాటుగా గుచ్చి, వేలితో సూది వైపు గాలి తోసెయ్.

అనంత_రేఖ
నేను కిందికే లాగాను అక్కా. మడత కనబడితే చేయి అదే పోతుంది.

ఇంకో ప్రశ్న. ఆదివారం అంతా సరిగ్గా చేసినా ఎక్కడో ఒకచోట ఎండితే? ఆ మూల వరకు బాగు చేయడానికి వీలుంటుందా, మొత్తం పీకాలా?

కందనవోలు_బేకర్
ఎంత ఎండిందో దాన్ని బట్టి. వేలితో రాసి చూడండి. ముడతలు కంటికి కనబడి వేలికి తగలకపోతే పైపొరే ఎండింది. చూపుడు వేలికి బియ్యపు గింజంత షార్టెనింగ్ రాసుకుని అక్కడ చిన్న చుట్లుగా రుద్దండి. చేతి వేడికి అది లోపలికి పోయి పొర మెత్తబడుతుంది. తర్వాత మిగిలిన ఫాండెంట్ ముద్ద ఒకటి అరచేతిలో బిళ్లలా నొక్కి, దానికి క్లింగ్ ఫిల్మ్ చుట్టి, దానితో పాలిష్ చేసినట్టు రుద్దండి. గట్టి ప్లాస్టిక్ స్మూదర్ కంటే మెత్తటి బిళ్ల వంపుల్లో బాగా పని చేస్తుంది. కాస్త మెరుపు మిగులుతుంది, కొన్ని గంటల్లో తగ్గుతుంది.

వేలికి గీత తగిలితే అది పగులు, షార్టెనింగ్‌తో మూసుకోదు. అదే రంగు ఫాండెంట్ చిన్న ముక్కను నాలుగైదు చుక్కల నీళ్లతో నలిపి టూత్‌పేస్ట్ అంత మెత్తగా చేసి, కత్తి మొనతో పగులులో నింపండి. పైన మిగిలింది తడి పిండేసిన బ్రష్‌తో తుడిచి ఆరనివ్వండి. అందుకే కప్పిన వెంటనే అదే రంగు ముక్క ఒకటి గాలి తగలకుండా చుట్టి దాచుకోవాలి. తర్వాత మళ్లీ రంగు కలిపితే అదే నీలం రాదు.

అప్పుడే చినిగిన చిరుగు అయితే ఇవేవీ అక్కర్లేదు. రెండు అంచులూ దగ్గరికి నెట్టి వేలితో రుద్దితే అతుక్కుంటాయి, ఎందుకంటే కోత ఇంకా తడిగానే ఉంటుంది. రెండు మూడు నిమిషాలు దాటితే ఆ వీలు పోతుంది.

పక్కలంతా ముడతలైతే మాత్రం పీకండి. లేత రంగు షీట్‌కు గనాష్ అంటితే మళ్లీ ఆ రంగు పనికి రాదు, దాన్ని ముదురు గోధుమ రంగు బొమ్మలకు వాడుకోండి.

కడప_కావ్య
నాకు వచ్చే పగులు ఇది కాదు. పైన అంతా నున్నగా ఉంటుంది, డెలివరీకి పోయేసరికి కింది అంచు నుంచి పైకి నిలువుగా రెండు మూడు గీతలు. ఎండడం వల్ల అనుకుని గ్లిజరిన్ పెంచుకుంటూ పోతున్నా, తగ్గడం లేదు.

హిందూపురం_హసీనా
కేక్ కింద అట్ట ఏది వాడుతున్నావు?

కడప_కావ్య
బంగారు రంగు పల్చటి బోర్డు, మామూలు క్రీమ్ కేకులకు వాడేదే.

హిందూపురం_హసీనా
అదే కారణం. రెండు చేతులతో ఎత్తగానే ఆ అట్ట వంగుతుంది, కేక్ కూడా దానితో వంగుతుంది. అప్పటికే బిగిసిన ఫాండెంట్ వంగలేక కింది నుంచి చీలుతుంది. ఎండిన పగులు వలలా, సన్నగా, ఎక్కడైనా వస్తుంది. అట్ట వంగిన పగులు నిలువుగా, పొడుగ్గా, కింది నుంచే మొదలవుతుంది. 12 మిల్లీమీటర్ల మందం డ్రమ్ బోర్డు వాడు. దొరక్కపోతే 6 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ గుండ్రంగా కోయించి ఫాయిల్ చుట్టు. గ్లిజరిన్ మళ్లీ తగ్గించు.

కడప_కావ్య
గ్లిజరిన్ పెంచినకొద్దీ పక్కలు ఉబ్బుతున్నాయి అనుకున్నా, అది ఇదేనా! పోయినవారం స్కూటీ మీద పోతే ఇంకా ఎక్కువ పగిలింది.

ఆదోని_అబ్బాయి
స్కూటీ మీద ఫాండెంట్ కేకా? గుండె ధైర్యం మీది.

అనంత_రేఖ
రెండో కేక్ వృథా చేయడం ఇష్టం లేక, 8 అంగుళాల స్టీలు డబ్బా బోర్లించి, షార్టెనింగ్ రాసి, దాని మీదే కప్పి చూశాను. కిలో ఫాండెంట్, ప్లైవుడ్ పట్టీలు, ఫ్యాన్ ఆఫ్, రాత్రి పదింటికి. ముందు పై అంచు అతికించి తర్వాత పక్కలు దించాను. చినగలేదు! డబ్బా అంచు పదునుగా ఉన్న ఒక్కచోట మాత్రం పల్చబడింది, మేరీ అక్క చెప్పిన చెంచా సంగతి అక్కడే అర్థమైంది. ముడతలు ఒక పక్క కొద్దిగా వచ్చాయి, షార్టెనింగ్ రుద్దితే పోయాయి. పైన గనాష్ లేదు కాబట్టి ఆ ఫాండెంట్ మళ్లీ పిసికి క్లింగ్ ఫిల్మ్ చుట్టి డబ్బాలో పెట్టాను.

ఒక్కటే కష్టం. ఫ్యాన్ లేకపోతే చెమట చుక్కలు షీట్ మీద పడతాయేమోనని భయం. కూలర్ పెట్టుకోవచ్చా?

పొద్దుటూరు_పద్మ
కూలర్ మంచిదే, అది గాలికి తేమ కలుపుతుంది కదా. నేను అరగంట ముందు గదిలో కూలర్ వేసి, వత్తే ముందు ఆపేస్తా. ముడతలు బాగా తగ్గాయి.

గుత్తి_మేరీ
నాకు కూలర్ గదిలో షీట్ మీద అక్కడక్కడా తడి మచ్చలు వచ్చాయి. నేను మళ్లీ పెట్టలేదు.

కందనవోలు_బేకర్
కూలర్ గాలి నేరుగా తగిలితే అలా అవుతుందనుకుంటా. ఆపేశాక చేసే పద్దతి నేను చూడలేదు. రేఖ గారూ, ఆదివారం మాత్రం కూలర్ వద్దు, తలకు గుడ్డ కట్టుకుని రాత్రి పూటే చేయండి. ప్రయోగం తర్వాత ఎప్పుడైనా డబ్బా మీద చేసి చూడొచ్చు.

నంద్యాల_లత
దీనికి సంబంధం లేకపోయినా అడుగుతున్నా. కేక్ మీద నల్ల ఫాండెంట్ కప్పాలి, తెల్లదానిలో నల్ల జెల్ రంగు కలిపితే ముద్ద సాగడమే లేదు, లాగితే పొడిపొడిగా తెగుతోంది.

హిందూపురం_హసీనా
తెల్లదాన్ని నలుపు చేయాలంటే జెల్ చాలా పోయాలి, అంత రంగు పడితే ఫాండెంట్ పట్టు పోతుంది. ఎరుపుకూ ఇదే గొడవ. రెడీమేడ్ నలుపు తెప్పించుకో లేదా చాక్లెట్ ఫాండెంట్‌తో మొదలుపెట్టు, అది ముందే ముదురు కాబట్టి కొంచెం జెల్‌తో నలుపు వస్తుంది. పూర్తి నలుపు రాకముందే ఆపి, చుట్టి రాత్రంతా ఉంచు, తెల్లారేసరికి ముదురుతుంది.

నంద్యాల_లత
చాక్లెట్ ఫాండెంట్ కర్నూలులో దొరుకుతుందా?

కందనవోలు_బేకర్
బేకింగ్ సామాన్ల షాపుల్లో ఉంటుంది, ఎప్పుడూ స్టాక్ ఉండదు, ఫోన్ చేసి పొండి. నల్ల షీట్ వత్తేటప్పుడు కార్న్‌ఫ్లోర్ దగ్గరికి రానివ్వకండి, తెల్ల మచ్చలన్నీ కనబడతాయి. షార్టెనింగ్ ఒక్కటే.